పన్నెండు రోజులు కాదు, ఆరు

మార్చి నెల వచ్చిందంటే ఇంజినీరింగ్ కాలేజీలో ఫైనలియర్ పిల్లలు ల్యాబ్‌లోకి అడుగుపెట్టే తీరు చూసి ఎవరి బ్యాచ్ ఎలా నడుస్తోందో చెప్పేయొచ్చు. నలుగురూ వాదించుకుంటూ వచ్చారంటే పని సాగుతున్నట్టే. ముగ్గురే మౌనంగా వచ్చి కూర్చున్నారంటే, "నాలుగోవాడు ఏడీ?" అని నేను అడగ్గానే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారంటే, ఆ బ్యాచ్‌లో ఏదో ఆగిపోయిందన్నమాట. "ఊరెళ్లాడు సార్" అంటారు. స్నేహితుణ్ని గైడ్ ముందు పట్టివ్వడం వాళ్లకు ఇష్టం ఉండదు. ఆ ఇష్టం లేకపోవడం మంచి గుణమే. కానీ దాని వల్లే చెప్పాల్సిన మాట ఫిబ్రవరిలో చెప్పకుండా, సబ్మిషన్ ముందు రాత్రి వాట్సాప్ గ్రూపులో తిట్లుగా బయటికొస్తుంది.

నేను చాలా ఏళ్లుగా ప్రాజెక్టులకు గైడ్‌గా ఉంటున్నాను. చివరి రెండు వారాల్లో బ్యాచ్‌ని నిలబెట్టేది చాలాసార్లు ఒక మెయిల్. పని చేయని సభ్యుడితో సహా అందరికీ వెళ్లే మెయిల్, మిగిలిన పనిని కొత్తగా పంచే మెయిల్. దాన్ని ఎలా రాయాలో మా సిలబస్‌లో ఎక్కడా లేదు. అందుకే ఇక్కడ ఒక బ్యాచ్ కథగా చెబుతున్నాను. రెండు మూడు బ్యాచ్‌ల్లో చూసినవాటిని ఒకచోట చేర్చి, అంకెలు సులువుగా అర్థమయ్యేలా సర్దాను. పేర్లకు బదులు పొడి అక్షరాలు పెడతాను.

ప్రాజెక్టు మిర్చి ఆకు తెగుళ్లది. ఆకు ఫొటో అప్‌లోడ్ చేస్తే అది ఆకుముడతా, బూడిద తెగులా, ఆకుమచ్చ తెగులా, లేక ఆరోగ్యంగా ఉన్న ఆకా అని కంప్యూటర్ చెప్పాలి. ఆర్. బ్యాచ్ లీడర్, ఫొటోలతో మోడల్‌కి తెగుళ్లు గుర్తుపట్టడం నేర్పించే పని ఆమెది. కె. పొలాలు తిరిగి ఫొటోలు తీసి, వేటికి ఏ తెగులో రాసిపెట్టాడు. అతని పని జనవరిలోనే పూర్తయింది. ఎమ్. డాక్యుమెంటేషన్ రాస్తోంది. ఎస్. చేయాల్సింది వెబ్ పేజీ. ఫొటో అప్‌లోడ్ చేసే చోటు, మోడల్‌తో అనుసంధానం, ఫలితం చూపించే పేజీ, లాగిన్. ఫిబ్రవరి 20న ఒక పేజీ డిజైన్ పెట్టాడు. ఆ తర్వాత ఉమ్మడి ఫోల్డర్‌లో అతని పేరు మీద ఒక్క ఫైలు లేదు.

మార్చి 16, సోమవారం. సబ్మిషన్ 27, శుక్రవారం. ఆ రాత్రి ఆర్. రాసుకున్న మొదటి మెయిల్ ఇలా ఉంది: "ఎస్., నెల రోజులుగా నువ్వు ఏమీ చేయలేదు. ఫోన్ ఎత్తవు. మా ముగ్గురం చచ్చీచెడీ చేస్తుంటే నీ పేరు కూడా ఎందుకు పెట్టాలి? రేపటికల్లా వెబ్ పేజీ మొత్తం కావాలి. లేకపోతే సార్‌కి చెబుతాం."

ఆమె కోపంలో తప్పేమీ లేదు. కానీ ఆ మెయిల్ పంపి ఉంటే ఏం జరిగేదో చూడండి. "ఏమీ చేయలేదు" అన్నది నిజం కాదు, ఒక పేజీ చేశాడు. ఆ ఒక్క పేజీ పట్టుకుని అతను వాదనకు దిగుతాడు, ఆ వాదనలో రెండు రోజులు పోతాయి. "రేపటికల్లా మొత్తం" అన్నది ఎవరికీ సాధ్యం కాని పని, కాబట్టి మొదలుపెట్టాల్సిన అవసరమే అతనికి కనిపించదు. ఇక పేరు తీసేస్తామన్న బెదిరింపు ఆమె చేతిలో లేనిది. ప్రాజెక్టు బ్యాచ్‌లో ఎవరుండాలో విద్యార్థులు నిర్ణయించరు. ఆ సంగతి ఎస్.కీ తెలుసు. అన్నిటికంటే పెద్ద లోపం ఇంకొకటుంది: ఆ మెయిల్ చదివాక కె., ఎమ్. ఇద్దరూ మంగళవారం పొద్దున ఏ పని మొదలుపెట్టాలో తెలియకుండానే ఉంటారు.

ఆమె దాన్ని పంపలేదు. మర్నాడు తెల్లవారి కాగితం, పెన్ను తీసుకుని లెక్క మొదలుపెట్టింది.

వెనక నుంచి లెక్క

సబ్మిషన్ 27న అంటే పన్నెండు రోజులు ఉన్నట్టే అనిపిస్తుంది. తేదీలను వెనక నుంచి చూసుకుంటూ వస్తే సంగతి తెలుస్తుంది. 27న ఇవ్వాల్సింది బైండింగ్ చేసిన పుస్తకాలు. సబ్మిషన్ల సీజన్లో కాలేజీ ఎదుటి బైండింగ్ షాపులో ఒక రోజు ఆగాలి. గైడ్ సంతకం, హెచ్‌ఓడీ సంతకం కూడా ఉండాలి. అంటే 26 గురువారం బైండింగ్‌కీ సంతకాలకీ పోతుంది. 25 బుధవారం ప్రింటింగ్. 24 మంగళవారం గైడ్ చదివి దిద్దడానికి. 23 సోమవారం పేజీలు, బొమ్మల నంబర్లు, విషయసూచిక సరిచూసుకోవడానికి. కాబట్టి డాక్యుమెంటేషన్‌లో కొత్తగా రాయాల్సింది ఏదైనా 22 ఆదివారం రాత్రికి ఆగిపోవాలి. ఫలితాల అధ్యాయంలో నడుస్తున్న వెబ్ పేజీ స్క్రీన్‌షాట్లు ఉండాలి కనుక పేజీ 21 శనివారానికి నడవాలి. ఆమె మంగళవారం పొద్దున లెక్క వేసింది. చేతిలో ఉన్నవి ఆరు రోజులు.

తర్వాత గంటలు. మిగతా సబ్జెక్టులు ఉన్నాయి కనుక మంగళవారం నుంచి శుక్రవారం దాకా మనిషికి రోజుకు రెండు గంటలు, శనివారం మూడు, ఆదివారం అయిదు. మనిషికి 16, ముగ్గురికి 48. ఇందులో నాలుగో వంతు ఆమె తీసేసింది. కరెంటు పోవడం, జ్వరం రావడం, అరగంటలో అవుతుందనుకున్నది రెండు గంటలు పట్టడం, ఇవన్నీ తప్పవు. మిగిలింది 36.

చేయాల్సిన పని: అప్‌లోడ్ పేజీ 4 గంటలు, మోడల్‌తో కలపడం 6, ఫలితం పేజీ 3, లాగిన్ 8. మోడల్‌ని చివరిసారి నడపడానికి 4, ఫలితాల పట్టికలు తయారుచేయడానికి 4. డాక్యుమెంటేషన్ 14. టెస్టింగ్ 6. వైవాకి పీపీటీ 4. మొత్తం 53.

36 గంటల్లో 53 గంటల పని పట్టదు. నేను చూసిన బ్యాచ్‌లలో చాలావరకు బోల్తాపడింది ఇక్కడే. ఎస్. చేయాల్సిన 21 గంటల్ని ముగ్గురూ తలా ఏడు పంచుకుని, రాత్రుళ్లు మేలుకుని చేద్దాం అనుకుంటారు. నాలుగో రోజుకు ఒకరు మంచాన పడతారు.

ముందు చూడాల్సింది ఏ పని తీసేయొచ్చు అని. ఆర్. మొదటి రివ్యూలో ఆమోదం పొందిన అబ్‌స్ట్రాక్ట్ తీసి చదివింది. అందులో లాగిన్ ఊసే లేదు. ఎప్పుడో మాటల్లో "లాగిన్ కూడా పెడితే బావుంటుంది" అనుకున్నదే పనుల జాబితాలోకి వచ్చి కూర్చుంది. అది తీసేస్తే 45. పీపీటీ ఆదివారంలోపు అక్కర్లేదు, సబ్మిషన్ తర్వాత చేసుకోవచ్చు. 41. టెస్టింగ్ ఎస్.కి ఇస్తే ముగ్గురి మీద 35. చేతిలో ఉన్నవి 36. ఇప్పుడు మెయిల్ రాయడానికి ఆమె దగ్గర విషయం ఉంది.

కష్టమైనది దగ్గరివాళ్లకు

35 గంటల్ని ముగ్గురికి పంచడంలోనూ ఒక మెళకువ ఉంది. ఐబీఎం కంపెనీలో ఓఎస్/360 అనే పెద్ద సాఫ్ట్‌వేర్ పనికి నాయకత్వం వహించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో ఒక పుస్తకం రాశాడు. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనిలోకి కొత్త మనుషుల్ని చేరిస్తే అది ఇంకా ఆలస్యమవుతుందని అందులో చెప్పిన సూత్రానికి అతని పేరే స్థిరపడింది. కారణం సులువే. కొత్తగా వచ్చినవాళ్లకు పని అర్థం కావడానికి సమయం పడుతుంది, అర్థమయ్యేలా చెప్పడానికి పాతవాళ్ల సమయం పోతుంది. నలుగురి బ్యాచ్‌లో బయటివాళ్లెవరూ రారు గాని, ఒకరి పని ఇంకొకరికి ఇచ్చిన ప్రతిసారీ ఆ ఖర్చు ఉంటుంది.

ఎస్. పనుల్లో అన్నిటికంటే గట్టి ముడి మోడల్‌తో కలపడం. మోడల్ నేర్చుకున్నది 224 × 224 పిక్సెల్‌ల ఫొటోల మీద. నేర్పేటప్పుడు ప్రతి పిక్సెల్ విలువనూ 255తో భాగించారు. వెబ్ పేజీ కూడా వచ్చిన ప్రతి ఫొటోనూ సరిగ్గా అలాగే మార్చి మోడల్‌కి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఎర్రర్ ఏమీ రాదు. పేజీ చక్కగా నడుస్తుంది, జవాబు మాత్రం తప్పు వస్తుంది. రంగుల వరసలోనూ ఇదే ప్రమాదం ఉంది. ఓపెన్‌సీవీతో ఫొటో చదివితే నీలం ముందు వస్తుంది, మరికొన్ని లైబ్రరీలలో ఎరుపు ముందు వస్తుంది. ఇవన్నీ తెలిసింది మోడల్‌ని నేర్పించిన ఆర్. ఒక్కదానికే. ఆ పని కె. చేతికిస్తే 6 గంటలు 10 అవుతుంది, పైగా ఆమె పక్కనే కూర్చోవాలి.

అందుకని ఆ 6 గంటలు ఆమే తీసుకుంది. దానికి చోటు చేయడానికి తన పనుల్లో మాటలతో చెప్పి అప్పగించగలిగిన ఫలితాల పట్టికలు, 4 గంటలవి, కె.కి ఇచ్చింది. కె.కి అప్‌లోడ్ పేజీ 4, ఫలితం పేజీ 3 కూడా కలిసి 11 అయ్యాయి. ఆమెకు మోడల్ చివరి నడక 4, అనుసంధానం 6, మొత్తం 10. ఎమ్. మీద డాక్యుమెంటేషన్ 14 ఉన్నాయి కనుక మోడల్ గురించిన రెండు గంటల భాగం ఆర్. రాస్తానంది. 12, 11, 12. ఖాళీ అయిన పనిని చిన్న ముక్కలు చేసి ముగ్గురికీ సమానంగా వేయడం కంటే, కష్టమైనది దానికి దగ్గరగా ఉన్నవాళ్లు తీసుకుని, వాళ్ల తేలికైన పని పక్కకు జరపడం చివరి వారంలో ఎంతో మేలు.

మరి ఎస్.కి ఏ పని? ఇక్కడ పిల్లలు రెండు రకాలుగా పొరబడతారు. కొందరు అతన్ని పూర్తిగా వదిలేస్తారు. కొందరు ఫాంట్లు, మార్జిన్లు సరిచేసే పని ఇస్తారు. వైవాలో ఎక్స్‌టర్నల్ ఒక్కొక్కరినీ విడిగా అడుగుతాడు. మార్జిన్లు సరిచేసినవాడు ప్రాజెక్టు గురించి ఒక్క ముక్క చెప్పలేడు. అతనికివ్వాల్సిన పనికి మూడు లక్షణాలుండాలి. మొదలుపెట్టడానికి ఎవరికోసమూ ఎదురుచూడాల్సిన అవసరం ఉండకూడదు. అతను చేయకపోయినా మిగతా ముగ్గురి పని ఆగకూడదు. చేస్తే మాత్రం ప్రాజెక్టు మొత్తం అతని చేతుల మీదుగా ఒకసారి నడవాలి. టెస్టింగ్ సరిగ్గా అలాంటి పని. పేజీ తయారయ్యేలోపు ఏమేం పరీక్షించాలో పట్టిక రాసుకోవచ్చు, తయారయ్యాక ఒక్కోటీ నడిపి చూడొచ్చు.

మెయిల్‌కి ముందు ఒక ఫోన్

మెయిల్ పంపేముందు నేరుగా ఒకసారి మాట్లాడాలి. ఇది మర్యాద కోసం మాత్రమే చెబుతున్న మాట కాదు. నార్బర్ట్ కెర్ అనే సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త 1983లో ఒక ప్రయోగం ఫలితాలు వెలువరించాడు. ఇద్దరిద్దరు జంటగా గాలి పంపు కొట్టే పని. జతగాడికి చేతనవును గాని చేయడం లేదని తెలిసినప్పుడు రెండో మనిషి తన శ్రమ కూడా తగ్గించేశాడు. వాడి కోసం నేనెందుకు వెర్రివాణ్ని కావాలి అన్న భావన అది. జతగాడికి ఆ పని చేతకావడం లేదని తెలిసినప్పుడు మాత్రం అంతగా తగ్గించలేదు. ల్యాబ్‌లో నేను చూసేదీ ఇదే. ఒకడు ఎందుకు చేయడం లేదో తెలియనప్పుడు మిగతావాళ్లు చెడ్డదే ఊహించుకుంటారు, ఆ ఊహతో వాళ్ల చేతులు కూడా మందగిస్తాయి.

ఆర్. పొద్దున ఫోన్ చేస్తే ఎస్. ఎత్తలేదు. వాట్సాప్‌లో అతనికొక్కడికే పెట్టింది: "వెబ్ పేజీ ఎంతవరకు వచ్చిందో, ఎక్కడైనా ఆగిందో ఈ సాయంత్రం ఆరులోపు చెప్పు. ఏ స్థితిలో ఉన్నా సరే ఫోల్డర్‌లో పెట్టు. రాత్రి మిగిలిన పనులు మళ్లీ పంచుతూ అందరికీ మెయిల్ పెడుతున్నాను." నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు.

ఈ లోపు ఫోల్డర్ చరిత్ర ఆమె చూసుకుంది. గూగుల్ డాక్స్‌లో ఎవరు ఏ రోజు ఏం మార్చారో పాత ప్రతుల చరిత్రలో కనిపిస్తుంది. కోడ్ గిట్‌లో ఉంచుకుంటే ఎవరి పేరు మీద ఎన్ని మార్పులు నమోదయ్యాయో ఈ ఒక్క ఆదేశం చెబుతుంది:

```
git shortlog -sn --all
```

అయితే ఈ అంకెను గుడ్డిగా నమ్మకూడదు. ఇద్దరు ఒకే ల్యాప్‌టాప్ మీద కూర్చుని చేస్తే అంతా ఒకరి పేరు మీదే పడుతుంది. రోజుకు పది చిన్న మార్పులు నమోదు చేసేవాడు, వారానికి ఒక పెద్ద మార్పు పెట్టేవాడి కంటే ఎక్కువ చేసినట్టు కనబడతాడు. ఒక విద్యార్థి పని రెండు నెలలపాటు రూమ్మేట్ పేరు మీద నమోదైన సంగతి నాకు వైవా ముందు రోజు తెలిసింది. ఆ పిల్లాణ్ని అప్పటిదాకా నేనూ అనుమానిస్తూనే ఉన్నాను. ఈ చరిత్ర మన జ్ఞాపకాన్ని సరిచూసుకోవడానికే. స్క్రీన్‌షాట్ తీసి మెయిల్‌కి అతికించడానికి కాదు.

మెయిల్

మంగళవారం రాత్రి ఎనిమిదికి ఆమె పంపినది ఇది. అసలైనది సగం ఇంగ్లిష్‌లో ఉంటుంది, ఇక్కడ తెలుగులో పెడుతున్నాను.

విషయం: ప్రాజెక్టు – 22 ఆదివారంలోపు ఎవరి పని ఏది (బుధవారం రాత్రి 9లోపు జవాబు కావాలి)

"ఎస్., కె., ఎమ్.,

సబ్మిషన్ 27న అయినా ప్రింటింగ్, బైండింగ్, సంతకాలు లెక్కేస్తే డాక్యుమెంట్ 22 ఆదివారం రాత్రికి పూర్తి కావాలి. వెబ్ పేజీ 21 శనివారానికి నడవాలి.

ఇప్పటికి అయినవి: ఫొటోలు, మోడల్ మొదటి ఫలితాలు, డాక్యుమెంట్‌లో మూడు అధ్యాయాలు, వెబ్ పేజీ మొదటి డిజైన్ (ఎస్. ఫిబ్రవరి 20న పెట్టింది). కానివి: అప్‌లోడ్, మోడల్‌తో కలపడం, ఫలితం పేజీ, టెస్టింగ్, మిగిలిన అధ్యాయాలు. ఫిబ్రవరి 20 తర్వాత వెబ్ పేజీకి సంబంధించి ఫోల్డర్‌లో కొత్త ఫైలు నాకు కనిపించలేదు. ఎస్., నీ దగ్గర చేసినది ఉంటే పూర్తి కాకపోయినా ఈ రాత్రే పెట్టు, దాని మీదే కట్టుకుంటాం.

ఉన్న సమయంలో పూర్తి కావాలంటే పనులు ఇలా మారిస్తే బావుంటుందని నా ఆలోచన. మోడల్‌తో కలపడం నేను చేస్తాను, శుక్రవారం రాత్రికి. మోడల్ గురించిన అధ్యాయం భాగం కూడా నాదే. కె. అప్‌లోడ్, ఫలితం పేజీలు గురువారం రాత్రికి. ఫలితాల పట్టికలు ఆదివారానికి. పట్టికలు ఎలా వేయాలో రేపు లంచ్‌లో చెబుతాను. ఎమ్. మిగతా అధ్యాయాలు. ఎస్. టెస్టింగ్ మొత్తం: ఏమేం పరీక్షించాలో 20 అంశాల పట్టిక బుధవారం రాత్రి 9లోపు ఫోల్డర్‌లో, పేజీ నడిచాక శని, ఆదివారాల్లో ఆ 20 నడిపి ఫలితాలు రాయడం. నమూనాగా రెండు అంశాలు నేను పెట్టాను.

లాగిన్ వదిలేద్దాం. అబ్‌స్ట్రాక్ట్‌లో అది లేదు. రేపు సార్‌ని అడిగి ఖాయం చేస్తాను.

బుధవారం 9కి టెస్టింగ్ పట్టిక రాకపోతే పరీక్షలు 8కి తగ్గించి కె., నేను చెరిసగం చేస్తాం. అప్పుడు పనులు మారిన సంగతి సార్‌కి తెలియజేస్తాను.

ఎవరికైనా ఈ పంపకం కుదరకపోతే ఏది కుదరదో, బదులు ఏది చేయగలరో రాయండి. ఎస్., ఏదైనా ఇబ్బంది ఉంటే నాకొక్కదానికే ఫోన్ చేసినా సరే. – ఆర్."

ఇందులో "బాధ్యత లేదు", "మోసం", "ఎప్పుడూ ఇంతే" లాంటి మాట ఒక్కటీ లేదు. ఎస్. గురించి ఉన్న ఫిర్యాదు ఒకే వాక్యం, అదీ తేదీతో, "నాకు కనిపించలేదు" అన్న జాగ్రత్తతో. అతను చేసిన ఒక్క పేజీ "అయినవి" వరసలో అతని పేరుతోనే ఉంది. దాన్ని దాచకపోవడం వల్ల మిగతా మెయిల్ అంతటికీ నమ్మకం వచ్చింది. గడువు పని చివర్లో పెట్టకుండా మొదటి ముక్కకే పెట్టింది, అదీ ఇరవై నాలుగు గంటల దూరంలో. అతను మొదలుపెట్టాడా లేదా అన్నది శనివారం దాకా ఆగకుండా బుధవారమే తెలిసిపోతుంది. రాకపోతే ఏం జరుగుతుందో కూడా ముందే రాసి ఉంది. అప్పుడు మళ్లీ కూర్చుని వాదించుకోనక్కర్లేదు.

గైడ్‌కి కాపీ పెట్టాలా అని పిల్లలు నన్నడుగుతుంటారు. మొదటి మెయిల్‌కి వద్దంటాను. నా పేరు కనబడగానే అది పంపకం మెయిల్‌గా కాక ఫిర్యాదుగా మారిపోతుంది. చదివేవాడు పని గురించి ఆలోచించడం మానేసి సంజాయిషీ ఆలోచిస్తాడు. కానీ ఎప్పుడు చెబుతామో అందులో రాయడం న్యాయం, చాటుగా చెప్పినట్టు ఉండదు. లాగిన్ తీసేయడం లాంటి మార్పు మాత్రం గైడ్‌ని అడక్కుండా చేయకూడదు. అది విడిగా అడగాల్సిన మాట.

రాత్రి పదకొండున్నరకు ఎస్. ఆమెకు ఫోన్ చేశాడు. ఫిబ్రవరి చివరి వారంలో అనుసంధానం తనే మొదలుపెట్టాడట. ఏ ఫొటో ఇచ్చినా "బూడిద తెగులు" అనే వస్తోంది. నాలుగు రోజులు చూశాడు, అంతుపట్టలేదు. మిగతా ముగ్గురూ చకచకా చేసుకుపోతుంటే ఇంత చిన్నది రావడం లేదని చెప్పడానికి మొహం చెల్లలేదు. తర్వాత రోజులు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. ఇంట్లో కూర్చుని ఫోన్ మోగితే భయపడేవాడట. ఆర్. ఆ ఫైలు తెప్పించుకుని చూస్తే ఇరవై నిమిషాల్లో దొరికింది: ఫొటో విలువల్ని 255తో భాగించలేదు. నా అనుభవంలో కనిపించకుండా పోయిన నాలుగోవాళ్లలో ఎక్కువమంది సోమరులు కారు, ఒకచోట చిక్కుకుని సిగ్గుతో చెప్పలేనివాళ్లు. పార్ట్‌టైమ్ ఉద్యోగంలో చేరినవాళ్లు, బ్యాక్‌లాగ్ పరీక్షలకు చదువుతున్నవాళ్లు కూడా ఉంటారు. నిజంగానే స్నేహితుల కష్టం మీద గట్టెక్కుదామనుకునేవాళ్లూ ఉన్నారు, లేరని చెప్పను. మెయిల్ రాసేటప్పుడు వీళ్లలో ఎవరో తెలియదు. పైన చూసిన మెయిల్ ఎవరికైనా సరిపోతుంది.

ఫైలు దొరికింది కదా అని ఆర్. అనుసంధానాన్ని అతనికి తిరిగి ఇవ్వలేదు. ఇవ్వాలనిపించిందట. కానీ మూడు వారాలు ఆగిన పని, శనివారం నడవాల్సిన పని. ఆమె నిర్ణయం సరైనదే అంటాను. బుధవారం ఎనిమిదింబావుకు టెస్టింగ్ పట్టిక వచ్చింది, 17 అంశాలతో. మిగతా మూడూ గురువారం చేరాయి.

అదే బుధవారం తొమ్మిది దాటినా ఏమీ రాని బ్యాచ్‌లు కూడా నాకు తెలుసు. అప్పుడు రెండో మెయిల్ వెళ్లాలి, ఈసారి గైడ్‌కి, ఎస్.తో సహా అందరికీ కాపీతో. అది నాలుగు వాక్యాలకు మించనక్కర్లేదు: 17న పంపిన పంపకం కింద ఉంది, బుధవారం 9కి రావాల్సిన పట్టిక రాలేదు, ఎస్. నుంచి జవాబు లేదు. ఆ పని కె., ఆర్. తీసుకున్నారు, ఎస్. క్షేమంగా ఉన్నాడో లేదో కనుక్కోమని కోరుతున్నాం. చివరి వాక్యం ఏదో మాటవరసకు రాసేది కాదు. గైడ్‌గా నేను ఇంటికి ఫోన్ చేయగలను, పిల్లలు చేయలేరు. ఒకసారి అలా ఫోన్ చేస్తే ఆ పిల్లవాడి తండ్రి ఆసుపత్రిలో ఉన్నాడని తెలిసింది. మార్కుల సంగతికొస్తే, రివ్యూలో గానీ వైవాలో గానీ ఒక్కొక్కరినీ విడిగా అడిగి తెలుసుకోవచ్చు. అయితే సబ్మిషన్ రోజు పొద్దున మొదటిసారి చెబితే నేను చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. తేదీలతో ఉన్న ఆ మొదటి మెయిల్ ఉంటే, ఎవరు ఏది ఎప్పుడు తీసుకున్నారో నేనెవరినీ నిలదీయకుండానే తెలుస్తుంది.

శనివారం సాయంత్రానికి పేజీ నడిచింది. ఎస్. తన 20 పరీక్షలు మొదలుపెట్టాడు. మసక ఫొటో, మరీ పెద్ద ఫైలు, ఖాళీ అప్‌లోడ్, సగం చిరిగిన ఆకు. పద్నాలుగోది ఆకు కానిదాని ఫొటో. గుమ్మం దగ్గరున్న తన చెప్పునే ఫొటో తీసి పెట్టాడు. పేజీ "ఆకుముడత, 97 శాతం" అంది. మోడల్‌కి తెలిసినవి నాలుగే జవాబులు. ఏమిచ్చినా ఆ నాలుగింటిలో ఒకటి చెప్పాల్సిందే, "ఇది ఆకు కాదు" అనడం దానికి నేర్పలేదు. అతను దాన్ని దాచకుండా పట్టికలో రాశాడు. ఎమ్. ఆదివారం రాత్రి పరిమితుల అధ్యాయంలో దానికి ఒక పేరా ఇచ్చింది, పక్కనే చెప్పు ఫొటో ఉన్న స్క్రీన్‌షాట్‌తో.

24న డాక్యుమెంట్ నా టేబుల్ మీదికి వచ్చింది. చివర్లో ఎవరెవరు ఏం చేశారో చెప్పే పేజీ ఉంది. మా బ్యాచ్‌లన్నిటినీ నేను ఆ పేజీ రాయమంటాను. నలుగురి పేర్ల ఎదురుగా నలుగురి పనులు. ఎస్. పేరు ఎదురుగా "వెబ్ పేజీ మొదటి డిజైన్, టెస్టింగ్" అని మాత్రమే ఉంది. అనుసంధానం ఆర్. పేరు మీద ఉంది. ఆ వాక్యం ఎవరు రాశారని అడిగితే ఎస్. "నేనే సార్" అన్నాడు.